డయాలిసిస్ మొదలయ్యాక రాత్రి మూడింటికి షుగర్ ఎందుకు పడిపోతోంది? ఇన్సులిన్ ఎంత తగ్గించాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు, 64 కిలోలు, ఇరవై ఏళ్ల నుంచి షుగర్. రెండు నెలలుగా అమలాపురంలో మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. 30/70 ఇన్సులిన్ పొద్దున 26, రాత్రి 18 యూనిట్లు వేస్తున్నాం. మధ్యాహ్నం గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల ఒకటి. రెండేళ్లుగా ఇదే డోసు. ఈ మధ్య రాత్రి మూడింటికి 48, 55 అలా పడిపోతోంది. మూడు నెలల టెస్టు మాత్రం 6.1 వచ్చింది. షుగర్ తగ్గిపోతున్నట్టా? ఇన్సులిన్ మానేయొచ్చా?

జవాబు:

జబ్బు తగ్గలేదండి. వేసిన ఇన్సులిన్ ఒంట్లోంచి పోయే దారి మూసుకుపోయింది, అందుకే అదే డోసు ఇప్పుడు ఎక్కువైపోతోంది. పూర్తిగా మానేయొద్దు. కానీ ఈ రాత్రి 18 మాత్రం వేయకండి. ఇప్పుడే మీ డాక్టరుగారికి ఫోన్ చేసి "రాత్రి మూడింటికి 48 వచ్చింది" అని ఆ అంకెతో సహా చెప్పండి. రాత్రి డోసు 11 దగ్గరికి, పొద్దున డోసు 20 దగ్గరికి దించమంటారని నా అంచనా. బిళ్ల సంగతి కూడా ఆ ఫోన్‌లోనే తేల్చుకోండి, ఈరోజుతో ఆగిపోవాల్సిందే. ఇప్పుడు రోజుకి 44 యూనిట్లు పడుతున్నాయి కదా, అది చివరికి 22కీ 30కీ మధ్య ఎక్కడో కుదురుకుంటుంది.

ఎందుకంటే, మన క్లోమం తయారుచేసే ఇన్సులిన్ ముందు కాలేయంలోకి వెళ్తుంది. అందులో సగం అక్కడే ఖర్చయిపోతుంది. పొట్టమీద సూదితో వేసిన ఇన్సులిన్‌కి ఆ మజిలీ లేదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. కాబట్టి దాన్ని వదిలించే పనిలో పెద్ద వాటా కిడ్నీలదే. అవి ఇన్సులిన్‌ని వడగట్టి, లోపలి గొట్టాల గోడల్లో ముక్కలు చేసేస్తాయి. మీ పొలానికి పంటకాలువ నీరు ఎప్పటిలాగే వస్తూ, మురుగు కాలువ పూడుకుపోయిందనుకోండి. తూము తిప్పిన మనిషి తప్పేమీ లేదు, చేను మాత్రం మునుగుతుంది. ఇదీ అంతే.

"రెండేళ్లుగా ఇదే డోసు కదా, ఇప్పుడేమొచ్చింది?" అనే మాట డయాలిసిస్ వార్డుల్లో రోజూ వినిపించేదే. కిడ్నీల పనితనం, అంటే జి.ఎఫ్.ఆర్., 20 దాకా పడిపోయినా మిగిలిన కిడ్నీ భాగమే కష్టపడి ఇన్సులిన్‌ని వదిలిస్తూ ఉంటుంది. 20 దాటి కిందికి దిగాక ఆ సర్దుబాటు చేతకాదు. అందుకని తేడా మెల్లమెల్లగా తెలియదు, రెండు మూడు నెలల్లో ఒక్కసారిగా బయటపడుతుంది. డయాలిసిస్ మిషన్ ఈ లోటు తీరుస్తుందనుకోకండి. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు శుభ్రం చేసేదానికి, ఇరవైనాలుగు గంటలూ పనిచేసే కిడ్నీకి పోలికే లేదు.

రెండో కారణం చాలామందికి తెలియదు. కిడ్నీ చక్కెరని తయారుచేస్తుంది కూడా. రాత్రంతా ఏమీ తినకపోయినా మనకి షుగర్ పడిపోకుండా కాలేయం గ్లూకోజ్ వదులుతూ ఉంటుంది. ఆ పనిలో దాదాపు ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు కిడ్నీలు చేస్తాయి. షుగర్ మరీ దిగిపోతే ఆ వాటా ఇంకా పెంచి ఆదుకుంటాయి. ఎండిపోయిన కిడ్నీకి ఆ శక్తి ఉండదు. దానికి తోడు నోరు చేదు, వికారం, ఉప్పూ పప్పూ తగ్గించిన పథ్యం. తిండి మారలేదని మీకు అనిపించొచ్చు గానీ, పళ్లెంలో పెట్టింది కాక తిన్నది ఎంతో ఒక నాలుగు రోజులు గమనించండి. కండ తగ్గిపోయిన మనిషికి గ్లూకోజ్ తయారుచేసుకునే ముడిసరుకు కూడా తక్కువే. నీరు చేరి బరువు 64లోనే నిలబడి, లోపల కండ కరిగిపోతూ ఉండొచ్చు.

ఇప్పుడు మీరు రాసిన డోసుతో ఒక గురువారం ఎలా గడుస్తుందో చూద్దాం. లో షుగర్ రాత్రి మూడింటికి వచ్చినా, దాని మొదలు పొద్దునే ఉంటుంది.

ఆరింటికి 26 యూనిట్లు వేసి, రెండు ఇడ్లీలు తిని, ఆటో ఎక్కుతారు. ఏడున్నరకి మిషన్ మీద పడుకుంటారు. మిషన్‌లో రక్తానికి ఎదురుగా పారే ద్రవం నాలుగు గంటల్లో 120 లీటర్ల దాకా ఉంటుంది. ఆ ద్రవంలో లీటరుకి ఒక గ్రాము గ్లూకోజ్, అంటే రక్తం లెక్కలో 100, ఉంటే రక్తంలో షుగర్ ఆ 100 వైపు దిగుతూ వస్తుంది గానీ మిషన్ దాన్ని అంతకన్నా కిందికి లాగదు. కొన్ని చోట్ల గ్లూకోజ్ లేని ద్రవం వాడతారు. అప్పుడు ఒక్క పూటలో పదిహేను నుంచి ముప్ఫై గ్రాముల గ్లూకోజ్ మిషన్‌లోకి కొట్టుకుపోతుంది. మీ యూనిట్లో టెక్నీషియన్‌ని "పార్ట్ ఏ క్యాన్‌లో డెక్స్‌ట్రోజ్ ఉందా అండీ" అని అడగండి. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే, క్యాన్ మీది లేబుల్లోనే ఉంటుంది. లేకపోతే పొద్దున డోసు ఇంకా తగ్గించాలి, మధ్యలో తినడానికి ఏదైనా తప్పనిసరిగా ఇవ్వాలి.

పదిన్నర, పదకొండు మధ్య చెమటలు పట్టి, కళ్లు తిరుగుతున్నాయంటారు. అది బీపీ పడిపోవడమేనని కాళ్లు పైకెత్తి సెలైన్ వదులుతారు. చాలాసార్లు నిజంగానే బీపీ. కానీ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. అలాంటప్పుడు బీపీతో పాటు ఒక షుగర్ స్ట్రిప్ కూడా చూడమని ముందే చెప్పి ఉంచండి.

ఇంటికొచ్చి భోంచేసి పడుకుంటారు. సాయంత్రం ఆరింటికి చూస్తే 280! ఇక్కడే మోసం జరుగుతుంది. మిషన్ ఫిల్టరు గోడలకి కొంత ఇన్సులిన్ అంటుకుని రక్తంలో తగ్గిపోతుంది. పొద్దున షుగర్ దిగినందుకు ఒళ్లు ఎదురుతిరిగి హార్మోన్లు వదులుతుంది. ఈ రెండూ కలిసి డయాలిసిస్ రోజు సాయంత్రం షుగర్‌ని కాసేపు ఎగదోస్తాయి. అది చూసి ఇంట్లోవాళ్లు హడలిపోయి రాత్రి 18కి బదులు 22 వేస్తారు, "ఈ రాత్రికి అన్నం వద్దులే" అని ఒక్క పుల్కాతో సరిపెడతారు. 30/70 మందులో డెబ్బై పాళ్లు నిదానంగా పనిచేసే రకం. ఆరోగ్యమైన కిడ్నీలున్నవాళ్లలోనే వేసిన నాలుగు గంటల తర్వాత నుంచి దాని జోరు మొదలవుతుంది. పోయే దారి లేనివాళ్లలో ఆ జోరు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది, పొద్దున వేసినదాని తోక కూడా కలుస్తుంది. ఎనిమిదింటికి వేసినది అర్ధరాత్రి దాటాక పూర్తి బలంతో ఉంటుంది. అప్పటికి పుల్కా అరిగిపోయింది, కిడ్నీ గ్లూకోజ్ ఇవ్వదు. అందుకే మూడింటికి 48.

మీరు డోసు పెంచలేదని రాశారు కాబట్టి మీ ఇంట్లో ఈ తప్పు జరగలేదనే అనుకుంటున్నాను. అయినా డయాలిసిస్ రోజు సాయంత్రం కనిపించే ఎక్కువ షుగర్‌కి రాత్రి అదనంగా యూనిట్లు వేయొద్దు. మర్నాడు ఒంటికి ఇన్సులిన్ ఇంకా తక్కువ సరిపోతుంది. 2010లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, డయాలిసిస్‌కి ముందురోజుతో పోలిస్తే మర్నాడు నిదానపు ఇన్సులిన్ అవసరం నాలుగో వంతు తగ్గినట్టు తేలింది. రక్తంలో చెడు పేరుకున్నప్పుడు ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, శుభ్రం చేశాక బాగా పనిచేస్తుంది. కాబట్టి డయాలిసిస్ రోజు రాత్రికి ఒక డోసు, మిగతా రాత్రులకి మరో డోసు అని రెండు రాసి ఇవ్వమని డాక్టరుగారిని అడగండి.

డోసు లెక్కకొద్దాం. పాతకాలం నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఇది: జి.ఎఫ్.ఆర్. 50 నుంచి 10 మధ్య ఉంటే మొత్తం ఇన్సులిన్‌లో పావు తగ్గించు, 10 కన్నా కిందికి పోతే సగం తగ్గించు. నాన్నగారికి సగం అంటే 22. దాన్ని గుడ్డిగా ఒకే రోజు చేసేయమనను. ఎవరికెంత మిగిలి ఉందో మనిషిమనిషికీ తేడా. అయితే ఇప్పటికే 48 చూశారు కాబట్టి మొదటి కోత పెద్దదే ఉండాలి. అది రాత్రి డోసులోనే, మూడో వంతు పైగా, అంటే 18 నుంచి 11. పొద్దున 26 నుంచి 20, డయాలిసిస్ రోజుల్లో 15. తర్వాత మూడేసి రోజులకోసారి అంకెలు చూసి, ఒక్కో డోసునే, రెండేసి యూనిట్లు అటో ఇటో జరుపుతారు. రెండు డోసులూ ఒకేసారి కదిపితే ఏది పనిచేసిందో తెలియదు.

ఆ మూడు రోజుల్లో ఒకటి డయాలిసిస్ రోజు రాత్రి అయి ఉండాలి. రోజూ పొద్దున పరగడుపున, రాత్రి పడుకోబోయే ముందు, మూడింటికి చూసి నోటుబుక్కులో రాయండి. పక్కనే ఎన్ని యూనిట్లు వేశారో, రాత్రి ఏం తిన్నారో కూడా రాయండి. పడుకోబోయే ముందు 140 కన్నా తక్కువుంటే ఒక ఇడ్లీయో రెండు మారీ బిస్కెట్లో తినిపించి పడుకోబెట్టండి. పరగడుపున 110–160, తిన్నాక రెండు గంటలకి 200 లోపు ఉంటే ఈ వయసులో, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి నా దృష్టిలో చాలు. 90 రావాలని పట్టుబట్టే ఇళ్లలోనే ఈ పడిపోవడాలు ఎక్కువ.

ఇంత చేసినా రాత్రుళ్లు దిగుతూనే ఉంటే మిక్స్ ఇన్సులిన్‌నే వదిలేయడం మంచిది. దాంతో చిక్కేమిటంటే, అందులోని రెండు రకాలని విడివిడిగా తగ్గించలేం. గ్లార్జిన్ లాంటి రోజుకొక్కసారి వేసే ఇన్సులిన్‌ని పొద్దునపూట చిన్న డోసులో వేసి, భోజనాలకి త్వరగా పనిచేసే రకాన్ని వేరుగా ఇస్తారు. ఈ భోజనం ఇన్సులిన్‌ని తిన్న వెంటనే వేయొచ్చు. ఇది పెద్ద సౌలభ్యం. నాలుగు ముద్దలకే వాంతి వచ్చి లేచిపోయే మనిషికి ముందే పూర్తి డోసు వేసి కూర్చోనక్కర్లేదు, తిన్నదాన్ని బట్టి సగం వేయొచ్చు. ఇరవై ఏళ్ల షుగర్‌లో జీర్ణకోశం నరాలు కూడా మొద్దుబారి అన్నం ఆలస్యంగా అరుగుతుంది, ఇన్సులిన్ మాత్రం టైముకి పనిచేసేస్తుంది.

బిళ్ల గురించి. మెట్‌ఫార్మిన్‌ని జి.ఎఫ్.ఆర్. 30 కిందికి దిగగానే ఆపేయాలి, డయాలిసిస్ మీద అసలు ఉండకూడదు. రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుంటుంది. గ్లిమిపిరైడ్ ఒంట్లో విరిగాక వచ్చే పదార్థాలు కూడా షుగర్ తగ్గించేవే, అవి కిడ్నీ ద్వారానే పోవాలి. పోకపోతే లో షుగర్ ఒకసారి వచ్చి ఊరుకోదు, ఒకటి రెండు రోజులు మళ్లీ మళ్లీ వస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ ఇంకా ప్రమాదం. ఊళ్లో మందుల షాపులో పాత చీటీ చూపించి నెలనెలా తెచ్చుకోవడం వల్ల ఈ బిళ్లలు డయాలిసిస్ దాకా సాగిపోతుంటాయి. కిడ్నీ డాక్టరుగారు షుగర్ చీటీ చూడరు, షుగర్ డాక్టరుగారు డయాలిసిస్ సంగతి ఆర్నెల్లకోసారి వింటారు. రెండు చీటీలూ ఒకే కవర్లో పెట్టుకుని ఇద్దరికీ చూపించండి.

6.1 చూసి సంతోషించకండి. ఆ టెస్టు ఎర్రరక్తకణాలకి ఎంత చక్కెర అంటుకుందో చూస్తుంది. కిడ్నీ జబ్బులో ఆ కణాలు తొందరగా చచ్చిపోతాయి. రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లతో కొత్త కణాలు పుడతాయి, వాటికి చక్కెర అంటుకునేంత టైముండదు. ఇటీవల రక్తం ఎక్కించి ఉంటే మరీను. అందుకని అంకె అసలుకన్నా తక్కువగా వస్తుంది. పైగా పగలు 280, రాత్రి 48 ఉన్న మనిషికి సగటు ఎలాగూ బాగానే కనిపిస్తుంది. మీ నోటుబుక్కే దానికన్నా నమ్మదగ్గది. ఒక్క మాట, హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే ఇంట్లో మీటర్లు కొన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. 80 చూపించి చెమటలు పడుతుంటే మనిషిని నమ్మండి, మీటర్ని కాదు.

చెమట అన్నాను గనక, బీపీకి మెటోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటివి వాడుతున్నారేమో చూడండి. అవి వేసుకునేవాళ్లకి చేతుల వణుకు, గుండెదడ సరిగ్గా తెలియవు. చెమట ఒక్కటే మిగులుతుంది. తరచూ షుగర్ పడిపోయేవాళ్లకి ఆ హెచ్చరికలు కూడా మొద్దుబారిపోతాయి. పొద్దున లేచేసరికి బనీను, తలగడ తడిసి ఉండటం, తలనొప్పితో లేవడం, పీడకలలు, రాత్రి లేచి పొంతన లేని మాటలు మాట్లాడటం, ఇవన్నీ రాత్రి షుగర్ దిగిందనడానికి గుర్తులే. "యూరియా ఎక్కువై అలా మాట్లాడుతున్నారు" అనుకునే ముందు ఒక స్ట్రిప్ పెట్టి చూడండి.

70 కన్నా తక్కువొస్తే ఏమివ్వాలి? కోనసీమలో చెయ్యి ముందు కొబ్బరిబొండం మీదికే పోతుంది. బొండం నీళ్లు వద్దు. చిన్న బొండంలోనే 500 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉండొచ్చు, అది డయాలిసిస్ మనిషి గుండెకి ముప్పు. అరటిపండు, బత్తాయి రసం, బెల్లం పానకం కూడా అదే దారి. పూతరేకు పెట్టేవాళ్లున్నారు, అందులో నెయ్యి ఉంటుంది కాబట్టి చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. మామూలు పంచదార మూడు టీస్పూన్లు, అంటే 15 గ్రాములు, అర టీగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. నీళ్ల కొలత ఉన్న మనిషి కాబట్టి పెద్ద గ్లాసు వద్దు. గ్లూకోజ్ పొడి అయినా అదే కొలత. పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మరోసారి ఇవ్వండి. పైకొచ్చాక కొంచెం అన్నమో ఇడ్లీయో తప్పక పెట్టండి. పంచదార గంటలో అయిపోతుంది, ఆ ఇన్సులిన్ మాత్రం ఇంకా ఉంటుంది.

ఇంకొకటి చూసుకోండి, సిరంజి. సీసాలో వచ్చే ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి. పెన్ను రీఫిల్ 100 యూనిట్లది. పెన్ను పాడైందని రీఫిల్లోంచి ఎర్రమూత సిరంజితో లాగితే 11 గీత దగ్గర పడేది 27 యూనిట్లకి పైనే. రెండున్నర రెట్లు! డోసు సరిగ్గానే వేస్తున్నాం అనుకునే ఇళ్లలో ఒక్కోసారి అసలు కారణం ఇదే అవుతుంది.

"మానేయొచ్చా" అన్నదానికి పూర్తి జవాబు: డయాలిసిస్ మొదలయ్యాక కొందరికి నిజంగానే ఇన్సులిన్ అవసరం దాదాపు లేకుండా పోతుంది. కానీ అక్కడికి తగ్గించుకుంటూ, అంకెలు చూసుకుంటూ చేరాలి. ఒక్కసారిగా ఆపితే షుగర్ ఒక్కటే కాదు, పొటాషియం కూడా పెరుగుతుంది. దాన్ని రక్తంలోంచి కణాల్లోకి తోసేది ఇన్సులినే. మూత్రం రానివాళ్లలో షుగర్ 500 దాటినా మామూలుగా వచ్చే అతిమూత్రం ఉండదు. విపరీతమైన దాహం, ఒళ్లు నీరు పట్టడం, ఆయాసం వస్తాయి. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్న టైప్ 1 వాళ్లయితే ఒక్క రోజు కూడా పూర్తిగా ఆపకూడదు. జ్వరం, కాలిపుండు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ లాంటివి ఉన్నప్పుడు ఈ తగ్గింపు లెక్కలేవీ పనిచేయవు, అప్పుడు అవసరం పెరుగుతుంది.

పిలిస్తే పలకని స్థితికి వెళ్తే నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇన్సులిన్ మీద ఉన్నారు, డయాలిసిస్ మనిషి అని మొదటి మాటే చెప్పండి. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చేతికి సూది గుచ్చనివ్వొద్దు, బీపీ పట్టీ కూడా ఆ చేతికి కట్టనివ్వొద్దు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు ఎక్కగానే సాధారణంగా కళ్లు తెరుస్తారు, మీటర్లో 180 కనిపిస్తుంది. ఆ అంకె చూసి తెల్లవారకుండానే ఇంటికి తీసుకొచ్చేయకండి. డెక్స్‌ట్రోజ్ అయిపోయాక ఇన్సులిన్ ఇంకా మిగిలే ఉంటుంది, బిళ్ల కూడా వేసుకుని ఉంటే మరీ. కనీసం ఒక పగలూ రాత్రీ, గంటకో రెండు గంటలకో స్ట్రిప్ చూస్తూ అక్కడే ఉంచమనండి. తర్వాతి డోసు ఎంతో కాగితం మీద రాయించుకుని బయల్దేరండి.